కాలిన మిర్చికి లెక్క కట్టేదెవరు?

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు తగలబడ్డాయనుకుందాం. 1938 నాటి బీమా చట్టం ప్రకారం ఇలాంటి పెద్ద క్లెయిమును లైసెన్సున్న సర్వేయర్ పరిశీలించాలి. బీమా కంపెనీ ఆయనకిచ్చే నియామక లేఖలోనే సగం తగాదాలు తేలిపోతాయి.

"నష్టం అంచనా వేయండి" అంటే చాలదు. నిప్పు ఎలా పుట్టింది, ఎన్ని బస్తాలు కాలాయి, తడిసినవాటికి ఏ ధర పలుకుతుంది అన్నవి విడివిడిగా అడగాలి.

ప్రమాదం నాటికి గోదాములో ఉన్న మొత్తం సరుకు విలువ కూడా తేల్చమనాలి. ఎందుకంటే సరుకు 10 కోట్లది, బీమా 8 కోట్లకే, నష్టం 5 కోట్లు అయితే, సగటు నిబంధన కింద వచ్చేది 4 కోట్లే. స్టాకు రిజిస్టరు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె రసీదులు పోల్చి చూడకపోతే ఈ లెక్క నిలవదు.

ఫీజు చెల్లించేది బీమా కంపెనీ. అది గంటల లెక్కనా, తేల్చిన నష్టాన్ని బట్టి శ్లాబులా, ప్రయాణం, ల్యాబ్ పరీక్షల ఖర్చు అందులోనే ఉందా అన్నది లేఖలో రాయాలి. క్లెయిము ఎంత తగ్గిస్తే అంత ఫీజు అంటే మాత్రం ఆ నివేదికను రైతు నమ్మడు.