నలభై సెకన్ల ముక్క, గంట మాట

గుంటూరు మిర్చి రైతుతో గంటసేపు పాడ్‌కాస్ట్ చేశారనుకుందాం. దాన్నుంచి యూట్యూబ్ షార్ట్ తీయాలి. చాలామంది "నమస్కారం, ఈరోజు మన అతిథి..." దగ్గరే మొదలుపెడతారు. అక్కడే చూసేవాడి వేలు పైకి జరిగిపోతుంది.

ముప్ఫయ్యో నిమిషంలో రైతు అన్న మాట చూడండి: "ఎండిన కాయని చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి. మోగలేదంటే లోపల తేమున్నట్టే." ముక్క ఇక్కడ మొదలవ్వాలి. తేమతో బస్తా కడితే బూజు ఎలా పడుతుందో ఆయన చెప్పేదాకా ఉంచి, నలభై సెకన్లలో ఆపేయాలి. విన్నవాడికి ఒక సంగతి పూర్తిగా తెలియాలి, మిగతాది వినాలనీ అనిపించాలి. సగం మాటలో కోస్తే మోసపోయినట్టుంటుంది.

అడ్డం వీడియోని నిలువుగా మారిస్తే ఇద్దరి మధ్య టేబులే మిగలొచ్చు. అందుకే ఫ్రేమును మాట్లాడేవారి ముఖం మీదికి జరపాలి. అక్షరాలు మరీ కింద వేస్తే షార్ట్ పేరు వాటిని కప్పేస్తుంది.

అసలు పొరపాటు చివర్లో జరుగుతుంది. షార్ట్ వివరణలో పెట్టిన లింకు 2023 ఆగస్టు నుంచి నొక్కినా తెరుచుకోదు. యూట్యూబ్ స్టూడియోలో Related video దగ్గర పూర్తి ఎపిసోడ్‌ను జతచేయాలి.

వారం తర్వాత షార్ట్ వ్యూస్ చూసి మురిసిపోకండి. పూర్తి ఎపిసోడ్ అనలిటిక్స్ తెరిచి, షార్ట్స్ నుంచి ఎందరొచ్చారో, ఎంతసేపున్నారో చూడండి. వచ్చినవాళ్లు మొదటి నిమిషంలోనే వెళ్లిపోతుంటే ముక్క చెప్పిందొకటి, ఎపిసోడ్‌లో ఉన్నదొకటి కావచ్చు.