ఫోన్ తడిసినా పద్దు పోలేదు

"ఫోన్ నీళ్లలో పడిందిరా. అరువు ఖాతా అంతా పోయినట్టేనా?" కిరాణా కొట్టు నడిపే అత్త దిగులుపడింది. మేనల్లుడు కొత్త ఫోన్‌లో బిల్లింగ్ యాప్ వేసి, పాత నంబరుతోనే లాగిన్ అయ్యాడు. ఓటీపీ కొట్టగానే పద్దులన్నీ వచ్చేశాయి.

"నువ్వు కొట్టిన ప్రతి బిల్లూ నెట్ ద్వారా యాప్‌వాళ్ల సర్వర్‌కి చేరుతుందత్తా. అక్కడ ఒక యంత్రం పాడైనా మరోదాంట్లో నకలు ఉంటుంది. క్లౌడ్ అంటే అదే."

"మరి నిన్న సాయంత్రం రాసిన రెండు బిల్లులు లేవేంట్రా?"

"అప్పుడు నెట్ లేదుగా, ఫోన్‌లోనే ఆగిపోయాయి. రాత్రి కొట్టు కట్టేముందు సింక్ అయిందో లేదో చూసుకో. ఇక్కడ పొరపాటున చెరిపేస్తే అక్కడా చెరిగిపోవచ్చు. అందుకే నెలకోసారి లెక్కలు ఫైలుగా దించి పెన్‌డ్రైవ్‌లో దాచుకో."

ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు: గుర్తున్న ఆ రెండు బిల్లులనూ అత్త మళ్లీ ఎక్కించింది.