గ్యాస్ మారితే గాలి దారీ మారాలి

హైదరాబాద్, విజయవాడ, కాకినాడ లాంటి ఊళ్లలో చాలా అపార్ట్‌మెంట్లకు పైపు గ్యాస్ వచ్చేసింది. లైను వేసేవాళ్లు వచ్చి గోడకు రంధ్రం కొట్టి, మీటరు బిగించి, స్టవ్‌కు జెట్లు మార్చి వెళ్తారు. గ్యాస్ బండ తిరిగి ఇచ్చేస్తాం. వంటగదిలో మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. లీకయితే మోగాలని నేలకు జానెడు ఎత్తున పెట్టించుకున్న అలారం కూడా అక్కడే ఉండిపోతుంది. బండ ఉన్నన్నాళ్లూ అది సరైన చోటే ఉంది. పైపు గ్యాస్ వచ్చిన రోజు నుంచి మాత్రం అది ఉన్నా లేనట్టే.

కారణం బరువు. ఒకే వేడిమి, ఒకే పీడనం ఉన్నప్పుడు ఒక లీటరు పాత్రలో ఏ వాయువు నింపినా అందులో పట్టే అణువుల సంఖ్య దాదాపు ఒకటే. కాబట్టి ఏ వాయువు బరువైనదో తెలియాలంటే దాని అణువు బరువు చూస్తే చాలు. గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్, ఆక్సిజన్. రెండూ కలిసిన సగటు 29. బండలో ఉండే ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ అణువు బరువు 44, బ్యూటేన్‌ది 58. అంటే ఎల్‌పీజీ గాలికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పైపులో వచ్చే సహజవాయువులో ముప్పావు భాగానికి మించి మీథేనే. దాని బరువు 16, గాలి బరువులో సగం కంటే కాస్త ఎక్కువ. అందుకే మొదటిది నేలకు దిగుతుంది, రెండోది కప్పుకు ఎక్కుతుంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. అయితే దీన్నుంచి ఒక అపోహ కూడా పుట్టింది. బురదనీళ్లలో మట్టి అడుక్కి చేరినట్టు, గాలిలో కలిసిన ఎల్‌పీజీ కూడా మెల్లగా విడిపోయి కిందికి దిగుతుందని అనుకుంటారు. అలా జరగదు. కార్బన్ డయాక్సైడ్ అణువు బరువు కూడా 44, సరిగ్గా ప్రొపేన్ అంతే. అయినా అది మన కాళ్ల చుట్టూ పేరుకుపోకుండా వాతావరణమంతా కలిసే ఉంది. ఒకసారి గాలిలో బాగా కలిసిన వాయువు మళ్లీ విడిపోదు. కిందికి దిగేది ఇంకా కలవని గ్యాసే. అది ట్యూబు నుంచో నాబ్ నుంచో చిక్కగా బయటికి వచ్చి, కదలని గాలిలో ముద్దగా జారి నేల మీద పరుచుకుంటుంది. మీథేన్ కూడా అలాగే ముద్దగా పైకి లేచి కప్పు కింద నిలుస్తుంది.

ఈ తేడా పట్టుబడితే గాలి ఆడటం ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. గాలిలో రెండు శాతం ఎల్‌పీజీ కలిస్తే ఆ మిశ్రమం మామూలు గాలి కంటే ఒకటిన్నర శాతం చిల్లర మాత్రమే బరువు. కాస్త గాలి వీచినా అది చెదిరిపోతుంది. కానీ ఆ గాలి గ్యాస్ ఉన్న ఎత్తులోనే కదలాలి. మన వంటగదుల్లో లోపం అక్కడే ఉంది.

ఒక వంటగదిని తీసుకుని లెక్క వేద్దాం. మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. పది అడుగులకు ఎనిమిది అడుగులన్నమాట. అందులో పట్టే గాలి 22,500 లీటర్లు. పాలు పొంగి పెద్ద బర్నర్ మంట ఆరిపోయింది, ఎవరూ చూడలేదు. కిటికీ మూసి ఉంది. ఆ బర్నర్ గంటకు 150 గ్రాముల గ్యాస్ వదులుతుందనుకుందాం. వాయువుగా అది దాదాపు 68 లీటర్లు. గాలిలో ఎల్‌పీజీ 1.8 శాతం దగ్గరికి చేరితే నిప్పు తగలగానే అంటుకుంటుంది. అంతకంటే తక్కువైతే అంటుకోదు. ఆ 68 లీటర్లు గదంతా సమంగా కలిసిపోతే 0.3 శాతమే. అంటుకోవడానికి కావలసిన దాంట్లో ఆరో వంతు. ప్రమాదం లేదన్నమాట.

కానీ అది సమంగా కలవదు. గట్టు మీది నుంచి జారి నేల మీద పరుచుకుంటుంది. అదే 68 లీటర్లు 1.8 శాతం పలచదనంతో నేలంతా పొరగా ఏర్పడితే ఆ పొర ఎత్తు అర మీటరు. అంటే మోకాలి దాకా. గది మొత్తంలో ప్రమాదం లేనంత గ్యాస్, కింది అర మీటరులో అంటుకునేంత గ్యాస్ అవుతుంది. నిజానికి పొర ఇంత సమంగా ఉండదు. నేలకు తగిలేచోట ఇంకా చిక్కగా, పైకి వచ్చేకొద్దీ పలచగా ఉంటుంది. అప్పుడు గంట కూడా అక్కర్లేదు.

వాసన సంగతేమిటి? గ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకయితే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే గంధక పదార్థం కలుపుతారు. గ్యాస్ అంటుకునే స్థాయికి చాలా ముందే ముక్కుకు తగలాలనేది దాని ఉద్దేశం. మంచి ఏర్పాటే. అయితే పొర మోకాలి కిందే ఉంటే, గుమ్మంలో నిలబడ్డ మనిషి ముక్కుకు వాసన ఆలస్యంగా అందుతుంది. జలుబు చేసినవాళ్లకూ వయసు మళ్లినవాళ్లకూ ఇంకా ఆలస్యం. ఈలోగా ఆ పొర తలుపు కింది సందులోంచి హాల్లోకి పారుతుంది. అక్కడ ఫ్రిజ్ ఉంటుంది, లోపలి స్విచ్ తనంతట తానే పడుతూ ఉంటుంది. కొన్ని ఇళ్లలో పక్కనే పూజగది, నేల మీద వెలిగే దీపం. వంటగదిలో లీకైన గ్యాస్ హాల్లో అంటుకోవడం ఇలాగే జరుగుతుంది.

ఇది పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో విశాఖపట్నం చూసింది. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో, ఓడ నుంచి ఎల్‌పీజీ నింపుకుంటున్న సమయంలో గ్యాస్ లీకై, మేఘంలా పరుచుకుని, నిప్పు దొరికిన చోట అంటుకుంది. అరవై మంది దాకా చనిపోయారు.

బండ ఉన్న ఇంట్లో గాలి దారి నేల దగ్గర ఉండాలి. బయటి గోడకు అడుగున ఒక జాలీ, లేదా నేల దాకా తెరుచుకునే తలుపు, అంతే. గోడపైన బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ కింది పొరను నేరుగా లాగలేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేవి మాత్రం ఈమధ్య కట్టే మాడ్యులర్ వంటగదులు. గట్టు కింద అలమర, దానికి గట్టిగా మూసుకునే తలుపు, అడుగున సందు కనబడకుండా అమర్చిన పట్టీ. బండ అందులో కూర్చుంటుంది. రెగ్యులేటర్ దగ్గర చిన్న లీకు ఉంటే గ్యాసంతా ఆ పెట్టెలోనే నిండుతుంది. అందం కోసం వేసిన ఆ పట్టీకి రంధ్రాలు కొట్టించడం వడ్రంగికి పది నిమిషాల పని. అలమర తలుపు అడుగునా వెనక బయటి గోడకూ దారి ఉంటే ఇంకా మేలు. బండను సెల్లారులో గానీ, నేలకంటే పల్లంగా ఉన్న గుంటలో గానీ, తూము పక్కన గానీ పెట్టకూడదు. గ్యాస్ తూములోకి దిగితే ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

ఇప్పుడు అదే గదికి పైపు గ్యాస్ వచ్చింది. అదే వేడికి మీథేన్ గంటకు దాదాపు 200 లీటర్లు కావాలి. అది అంటుకోవడానికి గాలిలో ఐదు శాతం చేరాలి. తేలిక, పైగా ఐదు శాతం. ఈ రెండూ మనకు కలిసొచ్చేవే. ఆరుబయట లీకైతే సాధారణంగా పైకిపోయి కలిసిపోతుంది. ఇంట్లో మాత్రం పైన కప్పు ఉంది. మన ఇళ్లలో కిటికీ పైచట్టం ఏడడుగుల దగ్గర ఆగిపోతుంది, కప్పు పదడుగుల ఎత్తున ఉంటుంది. మధ్యలో మూడడుగుల మేర నాలుగు గోడల మధ్య బోర్లించిన పాత్రే. కిటికీ తెరిచి ఉన్నా అక్కడి గాలి త్వరగా కదలదు. మన గది కొలతలతో ఆ జాగా 6,800 లీటర్లు. అందులో ఐదు శాతానికి 340 లీటర్ల మీథేన్ చాలు. ఏ దారీ లేకపోతే ఆరిపోయిన ఆ బర్నర్ అంత గ్యాస్ రెండు గంటల్లోపే ఇస్తుంది.

పాత ఇళ్లలో కప్పును ఆనుకుని వెంటిలేటర్ ఉండేది. పొగ పోవడానికి పెట్టిందే అయినా పైపు గ్యాస్‌కు సరిగ్గా కావలసింది అదే. కొత్త ఫ్లాట్లలో దాన్ని తీసేశారు. దానికి తోడు అటకలు, ఫాల్స్ సీలింగ్. వీటి వెనక గ్యాస్ చేరితే కనిపించదు, కదలదు. పైపు గ్యాస్ వాడే వంటగదికి నేను మొదట అడిగేది కప్పుకు దగ్గరగా ఎప్పుడూ తెరిచి ఉండే జాలీ. గాలి లోపలికి రావడానికి కింద కూడా సందు ఉండాలి, లేకపోతే పైదారి సరిగా పనిచేయదు. కాబట్టి బండ రోజుల్లో కొట్టించిన కింది రంధ్రాలు మూసేయక్కర్లేదు.

సహజవాయువు ఎప్పుడూ పైకే పోతుందన్న ధీమా కూడా పనికిరాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను లీకై, గ్యాస్ ఇళ్ల మధ్య పరుచుకుని అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. తేమ తీసిన గ్యాస్ కోసం వేసిన లైనులో తడి గ్యాస్ పంపారని ఆ తర్వాతి విచారణలో తేలింది. బావి నుంచి వచ్చే తడి గ్యాస్‌లో మీథేన్‌తో పాటు బరువైన ద్రవాలు కూడా ఉంటాయి. అవి ఆవిరై నేలను పట్టుకునే ఉంటాయి. ఇంటికి శుద్ధి చేసి ఇచ్చే గ్యాస్‌తో ఆ భయం లేదు. కానీ బయట పైపులైను పక్కన వాసన వస్తే, పైకిపోతుందిలే అని నిలబడకూడదు.

లీకని తెలిసిన క్షణంలో ఏ గ్యాస్ అయినా పని ఒకటే. స్విచ్ వేయకూడదు, ఉన్నది తీయకూడదు. రెండింటిలోనూ నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా అంతే. బండ అయితే రెగ్యులేటర్, పైపు అయితే మీటరు దగ్గరి వాల్వు కట్టేయాలి. కిటికీలు, తలుపులు తెరిచి బయటికి వచ్చాక ఫోన్ చేయాలి. బండ లీకుకు 1906. పైపు గ్యాస్‌కు కంపెనీ అత్యవసర నంబరు బిల్లు మీద ఉంటుంది.

ఇక అలారం. ఎల్‌పీజీకి నేల నుంచి జానెడు ఎత్తులో, పైపు గ్యాస్‌కు కప్పు నుంచి జానెడు కిందుగా ఉండాలి. చోటు మార్చినంత మాత్రాన సరిపోదు, ఎల్‌పీజీ కోసం సరిచేసిన యంత్రం మీథేన్‌కు ఆలస్యంగా మోగవచ్చు. కొనేటప్పుడు ఏ గ్యాస్‌కు తయారైందో పెట్టె మీద చూడాలి. లైను వచ్చాక కూడా అవసరానికి ఉంటుందని ఒక బండ మూల దాచుకున్న ఇంటికి రెండు అలారాలు కావాలి, ఒకటి కింద, ఒకటి పైన.