అజీర్ పట్టికలో ఎందుకు ఓడుతున్నాడు?

2023 నవంబరులో దక్షిణ కొరియాలోని బూసాన్ నగరంలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ పోటీల సెమీఫైనల్ జరిగింది. కొరియా జట్టు టీ1, చైనా జట్టు జేడీజీ తలపడ్డాయి. మూడో ఆటలో టీ1 ఆటగాడు ఫేకర్ అజీర్ అనే పాత్రను ఎంచుకున్నాడు. కీలక సమయంలో తన ఇసుక సైనికుల వైపు దూసుకుపోయి శత్రువుల వెనక తేలాడు. అక్కణ్ణుంచి ప్రత్యర్థి జట్టులో ప్రధాన ఆటగాణ్ణి తన జట్టు చేతుల్లోకి నెట్టేశాడు. లీగ్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకునే కదలిక అది. టీ1 ఆ సెమీఫైనల్ గెలిచింది, తర్వాత ఆ ఏడు ప్రపంచ విజేత కూడా అయింది.

ఇదే అజీర్ పేరును మామూలు జనం ఆడే ఆన్‌లైన్ మ్యాచ్‌ల లెక్కల్లో వెతకండి. పట్టిక పైభాగంలో దొరకడు. 2014లో ఆటలోకి వచ్చిన నాటి నుంచీ ఎక్కువ కాలం అతని గెలుపు శాతం 50కి దిగువనే ఉంటూ వచ్చింది. పట్టిక చూసిన కొత్త కుర్రాడు ఈ పాత్ర పనికిరాదని పక్కన పెడతాడు. ప్రపంచ స్థాయి జట్లేమో ఏటేటా అతణ్ణి ఎంచుకుంటూ, ఎదుటి జట్టుకు దొరక్కుండా నిషేధిస్తూ ఉంటాయి. ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పు కాదు. గెలుపు శాతం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో చూసుకోకపోవడమే తప్పు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. లీగ్‌లో ఐదుగురు ఒక జట్టు, ఐదుగురు మరో జట్టు. నూట అరవైకి పైగా ఉన్న పాత్రల్లోంచి ఒక్కొక్కరూ ఒకదాన్ని తీసుకుంటారు. ఆటను తయారుచేసిన రయట్ గేమ్స్ సంస్థ మ్యాచ్‌ల సమాచారాన్ని బయటివారికి అందుబాటులో ఉంచుతుంది. దాన్ని పోగుచేసి, ఏ పాత్ర నూటికి ఎన్ని గెలిచిందో చూపించే సైట్లు చాలా ఉన్నాయి. రెండు వారాలకోసారి, అటూ ఇటూగా, ప్యాచ్ వస్తుంది. కొన్ని పాత్రలను బలపరుస్తారు, కొన్నింటిని తగ్గిస్తారు. ప్యాచ్ వచ్చిన రోజున లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.

అందుకే ముందు చూడాల్సింది శాతాన్ని కాదు, దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉండే మ్యాచ్‌ల సంఖ్యను. నిజానికి సరిగ్గా సగం గెలిచే పాత్ర ఒకటి ఉందనుకుందాం. దాని వంద మ్యాచ్‌లు మాత్రమే చూస్తే, కేవలం అదృష్టం వల్లే 40 నుంచి 60 శాతం మధ్య ఎక్కడైనా కనిపించవచ్చు. ఈ ఊగిసలాటకు చేతిలెక్క ఒకటుంది. ఒకటిని మ్యాచ్‌ల సంఖ్య వర్గమూలంతో భాగించండి. వందకు వర్గమూలం పది, కాబట్టి పదో వంతు, అంటే అటు పది శాతం, ఇటు పది శాతం. నాలుగు వందల మ్యాచ్‌లకు ఐదు శాతం. పది వేల మ్యాచ్‌లకు ఒక్క శాతం. నూటికి తొంభై ఐదుసార్లు నిజం ఆ హద్దుల్లోనే ఉంటుంది. తేడాను సగానికి తగ్గించాలంటే మ్యాచ్‌లు నాలుగు రెట్లు కావాలన్నది ఇందులో గుర్తుంచుకోవాల్సిన సంగతి. పాత్రల మధ్య చర్చించుకునే తేడాలు మామూలుగా ఒకటి రెండు శాతాలే కనుక, వేల మ్యాచ్‌లు లేకుండా ఆ చర్చకు ఆధారమే లేదు.

మిగిలిన ఐదుసార్ల సంగతి కూడా మరవకూడదు. నూట అరవై పాత్రలూ సరిసమానంగా ఉన్నా, వాటిలో ఎనిమిది దాకా వట్టి అదృష్టం వల్లే ఆ హద్దు దాటి కనిపిస్తాయి. ప్యాచ్ వచ్చిన మర్నాడు పట్టికలో అన్నిటికంటే పైనున్న పేరునూ, కిందనున్న పేరునూ చూసి తీర్పులివ్వడం ఇందుకే ప్రమాదం. ఆ చివరలకు చేరేవాటిలో అదృష్టం మోసుకొచ్చినవే ఎక్కువ. పైగా ఈ చేతిలెక్క ప్రతి మ్యాచూ విడి సాక్ష్యం అనుకుని వేసింది. వెయ్యి మ్యాచ్‌లు వెయ్యిమంది ఆడితే అది నిజం. ఆ పాత్రనే అంటిపెట్టుకున్న ముప్పైమందే ఆడితే మాత్రం, మనం కొలుస్తున్నది పాత్రతో పాటు ఆ ముప్పైమంది నైపుణ్యాన్ని కూడా. అరుదైన పాత్రల గెలుపు శాతం ఎక్కువగా కనిపించడానికి ఇదో పెద్ద కారణం. వాటిని ఇష్టపడి, ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళు తప్ప మరొకరు ముట్టుకోరు.

పాత్రకు ఎదురు పాత్ర పెట్టి చూపే పట్టికల్లో ఈ ఇబ్బంది ఇంకా ముదురుతుంది. అజీర్ మొత్తం మ్యాచ్‌లు పది వేలున్నా, ఫలానా ఒక్క ప్రత్యర్థి మీద ఆడినవి రెండు వందలే కావచ్చు. అప్పుడు ఊగిసలాట ఏడు శాతం. 'వాడి మీద 46 శాతమే' అన్న మాటకు అక్కడ బలం లేదు.

సరే, మ్యాచ్‌లు లక్షల్లో ఉన్నాయి. అదృష్టం పాత్ర దాదాపు పోయింది. అయినా అజీర్ కిందే ఉన్నాడు. ఇక్కడి నుంచి సమస్య శాంపిల్ పరిమాణానిది కాదు, శాంపిల్‌లో ఎవరున్నారన్నది. మ్యాచ్‌లు ఎన్ని పెంచినా ఈ తప్పు తగ్గదు. పైగా తప్పుడు జవాబు మీద నమ్మకం పెరుగుతుంది.

అజీర్ స్వయంగా కొట్టేది తక్కువ. నేలమీద సైనికులను నిలబెట్టి వాళ్ళతో పొడిపిస్తాడు. సైనికుడు ఎక్కడ నిలబడాలి, తాను ఎంత దూరంలో ఉండాలి, ఎప్పుడు వాళ్ళను జరపాలి అన్నవి ఒకేసారి చూసుకోవాలి. బూసాన్‌లో ఫేకర్ చేసినది మూడు మీటలను రెప్పపాటులో వరుసగా నొక్కాల్సిన పని. మొదటి పది ఆటల్లో అది ఎవరికీ పట్టుబడదు. కాబట్టి అజీర్ మొత్తం గెలుపు శాతంలో నేర్చుకుంటున్నవాళ్ళ ఓటములు పెద్ద వాటా.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలివి, ఏ సైటులోంచీ తీసినవి కావు. ఒక ప్యాచ్‌లో ఓ కష్టమైన పాత్రను పది వేల మ్యాచ్‌లలో ఆడారు. అందులో కొత్తవాళ్ళవి రెండు వేలు, గెలుపు 44 శాతం. కొంత అలవాటున్నవాళ్ళవి మూడు వేలు, 50 శాతం. బాగా సాధన చేసినవాళ్ళవి ఐదు వేలు, 55 శాతం. గెలుపులు 880, 1500, 2750. మొత్తం 5130, అంటే 51.3 శాతం.

తర్వాతి ప్యాచ్‌లో ఆ పాత్రను బలపరిచారు. ముగ్గురికీ రెండేసి శాతం పెరిగింది: 46, 52, 57. ఆ వార్త విని కొత్తవాళ్ళు ఎగబడ్డారు. వాళ్ళ మ్యాచ్‌లు రెండు వేల నుంచి పన్నెండు వేలకు చేరాయి, మిగతావాళ్ళవి అంతే ఉన్నాయి. ఇప్పుడు గెలుపులు 5520, 1560, 2850. మొత్తం ఇరవై వేల మ్యాచ్‌లలో 9930. అంటే 49.65 శాతం. పాత్ర ప్రతి ఒక్కరి చేతిలోనూ బలపడింది, పట్టికలో మాత్రం ఒకటిన్నర శాతానికి పైగా పడిపోయింది. జూనియర్ కాలేజీలో ప్రతి గ్రూపు ఉత్తీర్ణతా పెరిగినా, కష్టమైన గ్రూపులో సీట్లు ఆరు రెట్లు చేసిన ఏడాది కాలేజీ మొత్తం ఫలితం తగ్గినట్టే ఇదీ. ఎడ్వర్డ్ సింప్సన్ అనే బ్రిటిష్ గణాంకవేత్త 1951లో ఈ తిరకాసు మీద పరిశోధన వ్యాసం రాశారు. అందుకే దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. గెలుపు శాతం మారిన రోజున పిక్ రేటు, అంటే ఎంతమంది ఆ పాత్రను తీసుకుంటున్నారన్నది, ఏమైందో చూడాలి. ఒక్కసారిగా రెండు మూడు రెట్లయితే, మారింది పాత్ర కాదు, ఆడేవాళ్ళు. ఆడిన మ్యాచ్‌ల సంఖ్యను బట్టి ఆటగాళ్ళను విడదీసి చూపే లెక్క దొరికితే ఇంకా మేలు. కొత్తవాడి దగ్గర 44, వంద ఆటలు ఆడినవాడి దగ్గర 55 కనిపిస్తే, ఆ పాత్ర బలహీనమైనది కాదు, నేర్చుకోవడానికి ఖరీదైనది. మొదటి ఆట నుంచి వందో ఆట దాకా 51 దగ్గరే నిలబడే పాత్ర ఇంకో రకం. పట్టిక ఈ ఇద్దరిలో రెండోవాణ్ణి పైన పెడుతుంది.

బలాన్ని దాచే ఇంకో శక్తి ఉంది. దాన్ని అతి తక్కువమంది పట్టించుకుంటారని నా అభిప్రాయం. ఆన్‌లైన్ ఆటల్లో మ్యాచ్‌మేకింగ్ ప్రతి ఒక్కరికీ సమవుజ్జీని వెతుకుతుంది. ఎక్కువ గెలిస్తే ర్యాంకు పెరుగుతుంది, ఎదురుపడేవాళ్ళు గట్టివాళ్ళవుతారు, చివరికి గెలుపు సగం దగ్గర ఆగుతుంది. ఒకడు బలమైన పాత్రనే ఎప్పుడూ ఆడుతున్నాడనుకోండి. ఆ పాత్ర ఇచ్చే మేలు వాడి గెలుపు శాతంలో ఎంతో కాలం నిలవదు, ర్యాంకులోకి మారిపోతుంది. తన స్థాయి కన్నా ఒక మెట్టు పైన కూర్చుని, అక్కడ సగం గెలుస్తూ ఉంటాడు. అందరూ ఒక్కో పాత్రనే పట్టుకుని ఏళ్ళ తరబడి ఆడితే, పాత్రల బలాబలాలు ఎలా ఉన్నా అన్నిటి గెలుపు శాతమూ 50 వైపే జరుగుతుంది. ఒకే పాత్రకు కట్టుబడే అలవాటు బాగా ఉన్న స్ట్రీట్ ఫైటర్ లాంటి ఆటల్లో ఈ ప్రభావం ఎక్కువ. అక్కడ ఇద్దరూ ఒకే పాత్రను తీసుకోవచ్చు కూడా. అలాంటి పోరులో ఒకరు గెలిచి ఒకరు ఓడక తప్పదు కనుక, ఆ మ్యాచ్‌లను కలిపి లెక్కేస్తే శాతం ఇంకాస్త సగం వైపు లాగబడుతుంది. ఇలాంటి చోట ఏ పాత్రను ఏ ర్యాంకులో ఎంతమంది ఆడుతున్నారన్నది అడగాలి. అడుగు మెట్లలో అరుదుగా కనిపిస్తూ, పై మెట్లలో గుంపులుగా ఉంటే అనుమానించాలి. అది రుజువు కాదు, గట్టివాళ్ళకు ఆ పాత్ర నచ్చడం వల్ల కూడా అలా ఉండొచ్చు. కానీ వట్టి గెలుపు శాతం కన్నా మంచి ఆనవాలు.

పై ర్యాంకులను మాత్రమే వడగట్టి చూసేవారికి ఓ హెచ్చరిక. 'ఎమరాల్డ్, ఆ పైన' అని వడపోత పెట్టినప్పుడు ఆ మెట్టువారు కిందివారితో ఆడి గెలిచినవి కూడా లెక్కలోకి వస్తాయి. దాంతో ఆ పట్టికలో సగటు 50 కాదు, 51ని కూడా దాటవచ్చు. అక్కడ 50.5 ఉన్న పాత్ర సగటు కన్నా కిందే ఉన్నట్టు. సగటు అంకెను విడిగా చూపించే సైట్లున్నాయి, ముందు దాన్ని చూడాలి.

అజీర్ విషయంలో ఇంకో కారణం జట్టు. అతను శత్రువును నెట్టుకొచ్చిన క్షణంలో మిగతా నలుగురూ అక్కడ సిద్ధంగా ఉండాలి. ప్రొఫెషనల్ జట్లు మైకుల్లో మాట్లాడుకుంటూ ఆడతాయి, నెలల తరబడి కలిసి సాధన చేస్తాయి. ముక్కూమొహం తెలియని ఐదుగురు కలిసిన ఆటలో ఆ నెట్టుడు చాలాసార్లు ఖాళీ స్థలంలోకే. పాత్ర ఒకటే, చుట్టూ ఉన్న ఆట వేరు.

రయట్ సంస్థకు ఇది బాగా తెలుసు. 2019లో వాళ్ళు పాత్రల బలాన్ని తూచే పద్ధతిని బయటపెట్టినప్పుడు, సగటు ఆటగాళ్ళు, నైపుణ్యం ఉన్నవాళ్ళు, అగ్రశ్రేణివాళ్ళు, ప్రొఫెషనల్స్ అని నాలుగు గుంపులుగా విడదీశారు. ఏ ఒక్క గుంపులో హద్దు మీరినా ఆ పాత్ర మితిమీరిన బలం కలదే. ప్రొఫెషనల్స్ విషయంలో గెలుపు శాతాన్ని నమ్ముకోలేదు, ఆ పాత్రను ఎంత తరచుగా ఎంచుకుంటున్నారు, నిషేధిస్తున్నారు అన్నదే కొలబద్ద. ఒక పోటీలో జరిగే ఆటలు వందల్లోనే ఉంటాయి. వాటి గెలుపు శాతం పైన చెప్పిన చేతిలెక్కకు నిలబడదు.

అందువల్లే సోలో ఆటల్లో 50 కూడా దాటని అజీర్‌ను ఇంకా తగ్గిస్తూ ప్యాచ్‌లు వచ్చాయి. ప్రతిసారీ అభిమానులు పట్టిక చూపించి కోపగించుకున్నారు. ప్రపంచ పోటీల్లో అతణ్ణి అదుపులో పెట్టే ప్రతి కోతా ఇంట్లో కూర్చుని అజీర్ నేర్చుకుంటున్న కుర్రాడి మీదా పడుతుంది, వాడి ఓటములు మళ్ళీ పట్టికలోకి చేరతాయి.