పిన్ని నాలుగు ఆగస్టులు

మా పిన్ని తెనాలిలో టీచరుగా చేసి రిటైరయింది. చేతికొచ్చిన డబ్బులో పది లక్షలు 2023 ఫిబ్రవరిలో ఒకే ఫిక్సుడు డిపాజిట్‌గా వేసింది. ఐదేళ్లకు, 7 శాతం వడ్డీకి. వడ్డీ కూడా అసలులోనే కలిసిపోయి చివర్లో ఒకేసారి వచ్చే రకం. ఒకే బాండు, ఒకే తేదీ, బీరువాలో ఒకే కవరు. దాచుకోవడానికి అంతకన్నా సులువేముంది అనుకుంది.

ఏడాదిన్నర తిరిగేసరికి మోకాలి ఆపరేషన్ వచ్చిపడింది. ఇన్సూరెన్స్ పోగా ఇంకో రెండు లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. కొన్ని బ్యాంకులు డిపాజిట్‌లో కొంత భాగమే తీసుకోనిస్తాయి. పిన్ని వేసినదానికి ఆ వీలు లేదు. రెండు లక్షల కోసం పది లక్షల బాండునూ గడువుకు ముందే రద్దు చేయాల్సి వచ్చింది.

అలా రద్దు చేసినప్పుడు వడ్డీ ఎలా కడతారో చాలామందికి తెలియదు. బాండు మీద రాసి ఉన్న రేటు ఇక వర్తించదు. డబ్బు నిజంగా ఎన్నాళ్లు ఉందో చూస్తారు. డిపాజిట్ వేసిన రోజున అన్నాళ్లకు ఏ రేటు ఉందో తీసుకుంటారు. అందులోంచి జరిమానా తగ్గిస్తారు. చాలా బ్యాంకుల్లో ఈ జరిమానా అర శాతం నుంచి ఒక శాతం దాకా ఉంటుంది. పిన్ని బాండుకు ఏడాదిన్నర రేటు కూడా 7 శాతమే, జరిమానా ఒక శాతం. కాబట్టి 6 శాతం లెక్కన కట్టి ఇచ్చారు. అలా పోయింది దాదాపు 16 వేలు. రెండు లక్షలకు మాత్రమే జరిమానా పడి ఉంటే మూడు వేల చిల్లరతో పోయేది. మిగతా ఎనిమిది లక్షలు ఏ పాపమూ ఎరగకుండానే ఆ జరిమానా కట్టాయి.

డిపాజిట్ మీద అప్పు తీసుకోవచ్చు కదా అని అడిగేవారుంటారు. నిజమే. డిపాజిట్ రేటుకు ఒకటి రెండు శాతం పైన వడ్డీతో బ్యాంకులు అప్పిస్తాయి. రెండు మూడు నెలల్లో తిరిగి కట్టగలిగితే రద్దు కన్నా అదే మేలు. పిన్నికి పెన్షన్ తప్ప వేరే రాబడి లేదు. రెండు లక్షలు తీర్చడానికి ఏళ్లు పట్టేది. అందుకే వద్దంది.

ఆపరేషన్ ఖర్చు పోను, వచ్చిన వడ్డీని సేవింగ్స్ ఖాతాలో అత్యవసరాలకు ఉంచి, మిగిలిన ఎనిమిది లక్షలు ఏం చేద్దామని 2024 ఆగస్టులో నన్ను పిలిచింది. ఆ రోజు మేమిద్దరం కాగితం మీద గీసుకున్నదాన్నే ఆర్థిక సలహాదారులు ల్యాడరింగ్ అంటారు, తెలుగులో నిచ్చెన పద్ధతి అనుకోవచ్చు. డబ్బంతా ఒకే గడువుకు కట్టేయకుండా ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో గడువు పెట్టడమే ఆ పద్ధతి. ఎనిమిది లక్షలను రెండేసి లక్షల నాలుగు బాండ్లు చేశాం. ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు, ఒకటి మూడేళ్లకు, ఒకటి నాలుగేళ్లకు. అంటే 2025 నుంచి 2028 దాకా ప్రతి ఆగస్టులోనూ ఒక బాండు చేతికొస్తుంది. అప్పటి రేట్లు నాలుగింటికీ అటూ ఇటూగా 7 శాతమే.

ఇంతవరకు అందరూ చెబుతారు. నిచ్చెన నిలబడేదీ కూలేదీ మొదటి బాండు గడువు తీరిన రోజున. 2025 ఆగస్టులో ఏడాది బాండు తీరి 2 లక్షల 14 వేల చిల్లర వస్తుంది. ఆ ఏడు ఖర్చేమీ లేకపోతే ఆ డబ్బును మళ్లీ ఏడాదికి వేయకూడదు, నాలుగేళ్లకు వేయాలి. అప్పుడది 2029 ఆగస్టుకు తీరుతుంది, వరుసలో చివరి మెట్టు అవుతుంది. 2026లో తీరేది 2030కి పోతుంది. ఇలా నాలుగేళ్లు గడిచేసరికి పిన్ని దగ్గరున్నవన్నీ నాలుగేళ్ల బాండ్లే, అయినా ఏటా ఒకటి తీరుతూనే ఉంటుంది. నిచ్చెన పద్ధతి కిటుకంతా ఇదే.

ఈ కిటుకును చెడగొట్టేది డిపాజిట్ ఫారంలో ఉండే ఒక చిన్న గడి. గడువు తీరగానే ఏం చేయాలని అందులో అడుగుతారు. అసలూ వడ్డీ కలిపి మళ్లీ డిపాజిట్ చేయమనొచ్చు, అసలు మాత్రమే చేయమనొచ్చు, మొత్తం సేవింగ్స్ ఖాతాలో వేయమనొచ్చు. మర్చిపోయినా ఫర్వాలేదని చాలామంది మొదటిదానికే టిక్కు పెడతారు. పిన్ని నాలుగు ఫారాల్లోనూ అదే ఉంది. అలా తనంతట తాను రెన్యువల్ అయ్యే డిపాజిట్, మామూలుగా పాత గడువుకే రెన్యువల్ అవుతుంది. ఏడాది బాండు మళ్లీ ఏడాదికే. అదే జరిగి ఉంటే 2026 ఆగస్టులో రెండు బాండ్లు ఒకేసారి తీరేవి. 2029 ఆగస్టు ఖాళీగా ఉండేది. ఆ రెండూ మళ్లీ పాత గడువులకే పోతే ఒకటి 2027లో మూడేళ్ల బాండుతోనూ, ఇంకొకటి 2028లో నాలుగేళ్ల బాండుతోనూ కలిసేవి. నాలుగు మెట్లూ జతలు జతలుగా ఒకదాని మీద ఒకటి కూలబడతాయన్నమాట.

మీ నిచ్చెన ఎలా ఉందో చూసుకోవడానికి లెక్కలేమీ అక్కర్లేదు. బాండ్లన్నీ తీసి గడువు తేదీలు మాత్రం ఒక కాగితం మీద వరుసగా రాయండి. ఒక ఏడాదిలో రెండు పడి, ఇంకో ఏడాది ఖాళీగా కనిపిస్తే ఎక్కడో ఒక బాండు తనంతట తాను రెన్యువల్ అయిందని అర్థం.

అలాగని ఏ ఆదేశమూ ఇవ్వకుండా వదిలేయడం ఇంకా నష్టం. 2021 జులైలో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నియమం ప్రకారం, గడువు తీరినా తీసుకోని, రెన్యువల్ కూడా కాని డిపాజిట్‌కు ఆ తర్వాతి రోజులకు సేవింగ్స్ వడ్డీయో పాత ఒప్పందపు వడ్డీయో, రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. కాబట్టి పిన్ని చేత నాలుగింటికీ ఆదేశం మార్పించాం. గడువు తీరగానే డబ్బు సేవింగ్స్ ఖాతాలో పడాలి. పడ్డ వారంలో కొత్త బాండు వేయాలి. వంటింటి క్యాలెండర్‌లో ప్రతి ఆగస్టు పేజీ మీదా పిన్ని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుకుంది.

ఇక వడ్డీ రేట్ల సంగతి. నిచ్చెన వేస్తే ఎక్కువ వడ్డీ వస్తుందని చెప్పేవారిని నమ్మొద్దు. వచ్చేది సగటు వడ్డీ. రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 2020 మేలో 4 శాతానికి దిగింది, 2023 ఫిబ్రవరికి 6.5కి ఎక్కింది, 2025 జూన్‌కు మళ్లీ 5.5కి వచ్చింది. డిపాజిట్ రేట్లు కాస్త వెనకగా దాని వెంటే నడిచాయి. 2021లో డబ్బంతా ఐదేళ్లకు కట్టేసినవారు, తర్వాత రేట్లు పెరుగుతుంటే చూస్తూ ఉండిపోయారు. 2024లో డబ్బంతా ఏడాదికే వేసినవారు, తీరిన రోజున తగ్గిన రేటుకే మళ్లీ వేసుకున్నారు. నిచ్చెనకు ఈ రెండు దెబ్బలూ పాక్షికంగానే తగులుతాయి. పిన్ని మొదటి బాండు 2025 ఆగస్టులో తీరేసరికి నాలుగేళ్ల రేటు 6.3కి పడిపోయింది. ఆ రెండు లక్షలకే ఆ దెబ్బ. మిగతా ఆరు లక్షలు 7 శాతంలోనే నడుస్తున్నాయి. రేట్లు ఎటు పోతాయో ముందే తెలిసినవాడికి ఒకే బాండు లాభం. అలాంటివాడిని నేను చూడలేదు.

మొదటి బాండు తీరినప్పుడే బ్యాంకు కౌంటర్లో ఇంకో మాట వినపడింది. “అమ్మా, 444 రోజుల స్కీములో వేయండి, రేటు కాస్త ఎక్కువ” అన్నాడు క్లర్కు. అతను చెప్పింది నిజమే, ఇలాంటి ప్రత్యేక గడువులకు తరచూ పైసలు కాస్త ఎక్కువే ఇస్తారు. మన బ్యాంకుల్లో అన్నిటికన్నా ఎక్కువ రేటు ఐదేళ్లకు కాక, ఏడాది నుంచి మూడేళ్ల మధ్య గడువులకు ఉండటమూ మామూలే. కానీ 444 రోజులంటే ఏడాది మీద 79 రోజులు. ఆగస్టు ఒకటిన వేసింది అక్టోబరు 19కి తీరుతుంది. దాన్నే మళ్లీ వేస్తే ఆ పైది జనవరికి పోతుంది. పిన్నికి ఆగస్టే ఎందుకు కావాలి? మనవరాలి కాలేజీ ఫీజులో సగం తను కడతానని మాటిచ్చింది, ఆ ఫీజు కట్టేది ఆగస్టులో. రెండు లక్షల మీద పావు శాతం ఎక్కువంటే ఏడాదికి 500 రూపాయలు. ఆ 500 కోసం ఫీజు నెల తప్పిపోతే చేబదులుకు తిరగాలి. “నాకు ఆగస్టే రాయి నాయనా” అంది పిన్ని. గడువును రోజుల్లో చెప్పి, తీరే తేదీ మనకు కావలసినట్టు పెట్టించుకోవచ్చు. నిచ్చెన వేసేవారు ముందు ఖర్చుల నెలలు రాసుకుని, ఆ తర్వాతే గడువులు చూడాలి.

నాలుగు బాండ్లనూ ఒకే బ్యాంకులో వేయలేదు. బ్యాంకు మునిగితే డిపాజిట్ ఇన్సూరెన్స్ సంస్థ ఇచ్చేది ఒక మనిషికి ఒక బ్యాంకులో, అన్ని బ్రాంచీలూ కలిపి, అసలూ వడ్డీతో సహా 5 లక్షలే. 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే. అందుకే ఒకటి, మూడేళ్ల బాండ్లు ఒక బ్యాంకులో, రెండు, నాలుగేళ్ల బాండ్లు ఇంకో బ్యాంకులో వేశాం. ప్రతి రెన్యువల్‌కూ వడ్డీ బయటకు తీసి రెండు లక్షలే మళ్లీ వేస్తే ఏ బ్యాంకులోనూ మొత్తం 5 లక్షలు దాటదు. వడ్డీ కూడా కలుపుతూ పోతే దాటుతుంది. కొత్త బాండు వేసిన ప్రతిసారీ నామినీ పేరు పడిందో లేదో చూసుకోవాలి. పాత బాండుకు ఉంది కదా అని వదిలేయకూడదు.

పన్ను విషయంలో ఒక్క మాట. బాండ్లు ముక్కలు చేసినంత మాత్రాన పన్ను తప్పదు. ఒక బ్యాంకులోని అన్ని డిపాజిట్ల వడ్డీనీ పాన్ నంబరు మీద కలిపే చూస్తారు. చేతికి రాకుండా అసలులో కలిసిపోయే వడ్డీ మీద కూడా ఏటికేడు లెక్క కడతారు. ఇక పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ల డిపాజిట్‌ను నిచ్చెనలో మెట్టుగా లెక్కించకండి, దాన్ని మధ్యలో తీయనివ్వరు.

మొదటి బాండు డబ్బు 2025 ఆగస్టులో ఖాతాలో పడింది. పద్నాలుగు వేల చిల్లర ఫీజుకు పోయింది. రెండు లక్షలు మొదటి బ్యాంకులోనే నాలుగేళ్లకు వేశాం. ఇంటికి రాగానే పిన్ని కొత్త కాగితం తీసి నాలుగు తేదీలూ మళ్లీ రాసింది. 2025 కొట్టేసి, అడుగున 2029 చేర్చి, బీరువా తలుపు లోపలివైపు అంటించింది.