మీకు తెలుసా? కప్పు ఒక అడుగు లేస్తే మెట్లు రెండు పెరుగుతాయి

ఇల్లు కట్టించుకునేవాళ్లు పొడవు వెడల్పుల గురించి నెలల తరబడి తర్జనభర్జన పడతారు. ఎత్తు సంగతి మాత్రం పిల్లర్ బాక్సులు నిలబెట్టే రోజు మేస్త్రీ అడిగితేనే గుర్తొస్తుంది. "సార్, పది పెట్టమంటారా, పదకొండా?" అంటాడు. "పదకొండు పెట్టు, గాలి బాగా ఆడుతుంది" అనేస్తాం. ఆ ఒక్క మాట వెనక ఎన్ని లెక్కలున్నాయో చూద్దాం. ఉదాహరణకు 30×40 స్థలం, అంటే 133 గజాలు. అందులో 25×32 అడుగుల డూప్లెక్స్ ఇల్లు.

ఒక అడుగు ఎత్తుకు ఎన్ని ఇటుకలు?

ఈ ఇంటి బయటి గోడల చుట్టుకొలత 114 అడుగులు, మందం 9 అంగుళాలు. లోపలి నాలుగున్నర అంగుళాల గోడలు మరో 70 అడుగులు ఉన్నాయనుకుందాం. కప్పును ఒక అడుగు పైకి లేపితే, పిల్లర్లు పోను కట్టాల్సిన గోడ దాదాపు 100 ఘనపుటడుగులు పెరుగుతుంది. ఇటుకల్లో చెప్పాలంటే 1,300 నుంచి 1,400. రెండు వైపులా కలిపి ప్లాస్టరింగు, రంగు 370 చదరపు అడుగులు పెరుగుతాయి. పెరిగే అడుగు కిటికీల లింటెల్ పైన ఉంటుంది కాబట్టి కిటికీ ఖాళీల కింద తీసివేత ఏమీ ఉండదు.

స్లాబు, తలుపులు, ఫ్లోరింగు మాత్రం మారవు. అందుకే ఎత్తు పది శాతం పెరిగిందని ఖర్చు పది శాతం పెరగదు. అసలు చిక్కు మెట్ల దగ్గర వస్తుంది.

ఒక అంతస్తు నుంచి పై అంతస్తుకు పదిన్నర అడుగులుంటే 126 అంగుళాలు. ఏడేసి అంగుళాల చొప్పున 18 మెట్లు చక్కగా సరిపోతాయి. పదకొండున్నర అడుగులైతే 138 అంగుళాలు, అంటే 20 మెట్లు కావాలి. మెట్ల గది కొలత ముందే ఖాయమైపోతే మేస్త్రీ ఆ 18 మెట్లలోనే సర్దేస్తాడు. అప్పుడు మెట్టు ఎత్తు 195 మిల్లీమీటర్లవుతుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్లకు పెట్టిన హద్దు 190. కాగితం మీద తేడా 5 మిల్లీమీటర్లే. అలవాటైన 7 అంగుళాల మెట్టుతో పోలిస్తే ప్రతి మెట్టుకూ 17 మిల్లీమీటర్లు ఎక్కువ ఎక్కాలి. అది అమ్మమ్మ మోకాలికి తెలుస్తుంది. కాబట్టి ఎత్తు పెంచాలనుకుంటే ముందు మెట్ల గదిని పెంచాలి. రెండు వరసల మెట్లయితే ఒక్కో వరసకు 10 అంగుళాల పొడవు కలపాలి.

ఎత్తుగా కడితే ఇల్లు చల్లగా ఉంటుందా?

సగమే నిజం. పాత బంగళాల్లో కప్పు ఎత్తుగా ఉండటమే కాదు, గోడ పైభాగంలో కప్పుకు దగ్గరగా చిన్న వెంటిలేటర్లు కూడా ఉండేవి. వేడి గాలి తేలికై పైకి చేరి, వాటిలోంచి బయటికి పోయేది. మండువా లోగిలిలో ఆ పని నడిమి ఖాళీ చేసేది. మనం ఎత్తును మాత్రం తెచ్చుకుని వెంటిలేటర్లను మూసేశాం. పోయే దారి లేకపోతే పైకెక్కిన వేడి అక్కడే నిలుస్తుంది.

ఇంకో సంగతి. మే నెలలో సాయంత్రం పై అంతస్తు గదిలో మంచం మీద పడుకుంటే ఒంటికి తగిలే సెగ గాలిది మాత్రమే కాదు. పగలంతా ఎండలో కాగిన స్లాబు కిందికి వేడిని వెదజల్లుతుంది. స్లాబును ఒక అడుగు పైకి జరిపినంత మాత్రాన ఆ సెగ పెద్దగా తగ్గదు. టెర్రస్ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేస్తేనో, వేడిని ఆపే పొర పరిస్తేనో తగ్గుతుంది. చల్లదనం కోసమే ఎత్తు పెంచుతుంటే ఆ డబ్బును కప్పు మీద పెట్టడం మేలు.

9 అడుగులు ఇరుకా?

నివాస గదికి నియమావళి అడిగే కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే 9 అడుగుల చిల్లర. విశాలంగా అనిపించడమన్నది ఆ అంకె ఒక్కదానితో తేలేది కాదు. 10×10 పడకగదికి 14 అడుగుల ఎత్తు పెడితే బావిలో కూర్చున్నట్టుంటుంది. అదే ఎత్తు 16×20 హాలుకు నప్పుతుంది.

తేడాను చూపించి విశాలత్వం పుట్టించడం వాస్తుశిల్పుల పాత విద్య. చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కార్బూజియే ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో 1952లో పూర్తిచేసిన అపార్టుమెంట్లలో మామూలు కప్పు ఎత్తు 2.26 మీటర్లే. చెయ్యి పైకెత్తి నిలబడ్డ మనిషి అంత ఎత్తు. ఆ తక్కువ కప్పు కింది నుంచి నడిచి 4.8 మీటర్ల హాల్లోకి రాగానే అది ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. మనింట్లోనూ ప్రవేశం దగ్గర ఫాల్స్ సీలింగుతో 8 అడుగులకు దించి, హాలును పది దగ్గర వదిలేస్తే ఇదే పని తక్కువ ఖర్చులో అవుతుంది.

స్లాబు మిగిలింది కదా, మరి ఖర్చెందుకు పెరిగింది?

డబుల్ హైట్ హాలు అడిగేవాళ్లందరికీ వచ్చే అనుమానమిది. మన ఇంట్లో 12×16 హాలు మీద మొదటి అంతస్తు స్లాబు వదిలేశామనుకోండి. 5 అంగుళాల మందం లెక్కన మిగిలే కాంక్రీటు 80 ఘనపుటడుగులు. ఇంచుమించు 18 బస్తాల సిమెంటు, ఒకటిన్నర నుంచి రెండు క్వింటాళ్ల ఇనుము. పైన పరచాల్సిన టైల్సు కూడా మిగిలాయి. ఇది నిజమైన ఆదా.

ఇప్పుడు రెండో వైపు చూడండి. పై కప్పుకు సెంట్రింగ్ కొట్టేటప్పుడు మామూలుగా జాకీలు మొదటి అంతస్తు స్లాబు మీద నిలబడతాయి. ఇక్కడ ఆ స్లాబు లేదు. నేల నుంచి 20 అడుగులు లేపాలి, మధ్యలో అడ్డకర్రలతో బిగించాలి. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల పట్టికలో కూడా 3.5 మీటర్లు దాటిన సెంట్రింగ్‌కు అదనపు రేటు వేరే ఉంటుంది. ఆ తర్వాత ప్లాస్టరింగుకు, రంగుకు, పై లైటు మార్చడానికి ప్రతిసారీ పరంజా కావాలి. మేడ మీద ఖాళీ చుట్టూ రెయిలింగు, 18 అడుగుల కర్టెన్లు, అందనంత ఎత్తులో అద్దాలు ఉండనే ఉన్నాయి.

పిల్లర్ల మాట మరింత ముఖ్యం. ఊతం లేని ఎత్తును పిల్లర్ మందంతో భాగిస్తే వచ్చే అంకె 12కు చేరితే ఐఎస్ 456 దాన్ని సన్నటి పిల్లర్‌గా లెక్కిస్తుంది. 9 అంగుళాల పిల్లర్ మధ్యలో దూలం లేకుండా 18 అడుగులు లేస్తే ఆ అంకె 24. అది పక్కకు వంగే ప్రమాదాన్ని విడిగా లెక్కగట్టి మందం, ఇనుము పెంచాలి. అందుకే ఇంజనీరు స్లాబు తీసేసినా మొదటి అంతస్తు మట్టంలో దూలాన్ని ఉంచుతాడు. "ఆ దూలం అద్దానికి అడ్డం, తీసేయండి" అని సైటులో ఒత్తిడి పెట్టొద్దు.

ఇంకో పేచీ కాంట్రాక్టు దగ్గర వస్తుంది. చదరపు అడుగుకు ఇంతని మాట్లాడుకున్నప్పుడు, ఆ 192 చదరపు అడుగుల ఖాళీని కొందరు సగం లెక్కిస్తారు, కొందరు పూర్తిగా లెక్కిస్తారు. ఒప్పందంలో ముందే రాయించుకోకపోతే చివరి బిల్లు రోజున గొడవే. ఎలా లెక్కేసినా, పైన ఒక మంచి పడకగదిని వదులుకున్నారన్నది అసలు ధర.

చప్పట్లు కొట్టి చూడండి

కట్టిన డబుల్ హైట్ హాలు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. శబ్దం కాసేపు మోగుతూ ఉంటే ఆ హాల్లో టీవీ మాటలు కలగాపులగమవుతాయి. గది పరిమాణం రెట్టింపైనప్పుడు, శబ్దాన్ని పీల్చే బట్ట, దూది, చెక్క కూడా పెరగకపోతే ఆ మోత నిడివి రెట్టింపుకు దగ్గరవుతుంది. వట్టి టైల్సు, వట్టి గోడలు దాదాపు ఏమీ పీల్చవు. మందపాటి కర్టెన్లు, తివాచీ, పుస్తకాల అర, గోడకు బట్ట ప్యానెళ్లు పెడితే తగ్గుతుంది.

శబ్దంతో పాటు పోపు ఘాటు కూడా పైకెక్కుతుంది. వంటగది హాలులోకి తెరుచుకుని ఉంటే ఎండుమిర్చి వేగినప్పుడు దగ్గేది మేడ మీద నిద్రపోతున్నవాళ్లు. ఇక మేడ మీది గదిలో ఏసీ వేసి తలుపు తెరిచి పెడితే, చల్లగాలి బరువు కాబట్టి రెయిలింగు మీదుగా కింది హాల్లోకి జారిపోతుంది.

ఫ్యాను రెక్కలు నేలకు 8, 9 అడుగుల ఎత్తులో ఉంటేనే గాలి ఒంటికి తగులుతుంది. 20 అడుగుల కప్పు నుంచి అక్కడికి దించాలంటే పదకొండు, పన్నెండడుగుల రాడ్డు కావాలి, అది ఊగుతుంది. గోడ ఫ్యాన్లకు పాయింట్లు వైరింగ్ నాడే పెట్టించుకోండి.

అది మెజ్జనైన్ కాదు, అటక

"మాది 12 అడుగుల కప్పు, మధ్యలో మెజ్జనైన్ వేసుకుందాం" అనే మాట తరచూ వినిపిస్తుంది. కూడి చూడండి. మెజ్జనైన్ మీద మనిషి తిరగడానికి 2.2 మీటర్లు కనీసం ఉండాలి. కింద ఉండేది నివాస గది అయితే దానికి 2.75. మధ్య నేల మందం 15 సెంటీమీటర్లు. మొత్తం 5.1 మీటర్లు, అంటే పదహారున్నర అడుగుల పైమాటే. 12 అడుగుల్లో వచ్చేది సామాను పెట్టుకునే అటక మాత్రమే. అటక ఎత్తు ఒకటిన్నర మీటరు దాటకూడదు.

సరిపడా ఎత్తు ఉన్నా, నివాసానికి వాడే మెజ్జనైన్ 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. మెజ్జనైన్లన్నీ కలిపి ఇంటి ప్లింత్ విస్తీర్ణంలో మూడో వంతు మించకూడదు. పైగా 9.5 చదరపు మీటర్లంటే 102 చదరపు అడుగులే. అక్కడికి ఎక్కే 3 అడుగుల వెడల్పు తిన్నటి మెట్లు కింద 30 చదరపు అడుగులకు పైగా తినేస్తాయి. పైన వచ్చింది వంద, కింద పోయింది ముప్పై.

ఇనుప మెజ్జనైన్‌ను తర్వాత అమర్చుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇంటి నేల మీద చదరపు మీటరుకు 200 కిలోల బరువు పడుతుందని లెక్కగడతారు. ఆ చిన్న నేల మీదే దాదాపు రెండు టన్నులు. దాన్ని ఇటుక గోడకు బోల్టులు కొట్టి వేలాడదీయకూడదు. పిల్లర్ల మీదకో, నేల నుంచి లేపిన ఇనుప స్తంభాల మీదకో దించాలి.

ఇల్లు మొత్తానికి అంతస్తు నుంచి అంతస్తుకు పదిన్నర అడుగులు చాలు. డబుల్ హైట్ పెట్టుకుంటే పైన తెరుచుకునే కిటికీ ఉండాలి, అది నేల మీద నిలబడి తెరవగలిగేలా ఉండాలి. ఆ రెండూ కుదరకపోతే అక్కడ స్లాబు వేయించుకోండి. పిల్లలకో గది వస్తుంది.