అడగకుండానే కొనిపెట్టే టికెట్

బ్రిటన్‌లో నేషనల్ లాటరీ వాళ్ల లోటో డ్రా వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం తీస్తారు. ఒక లైను 2 పౌండ్లు. దుకాణంలో ఆడేవాళ్లు స్లిప్పు మీద 59 నంబర్లలో ఆరింటిని గుర్తుపెట్టి, జేబులోంచి డబ్బు తీసి ఇవ్వాలి. చేతిలో డబ్బు ఆడని వారం ఆ పని మానేస్తారు. డైరెక్ట్ డెబిట్ పెట్టుకున్నవాళ్లకు ఆ అవకాశమే రాదు. నంబర్లు ఒకసారి ఎంచుకుంటే చాలు, వాళ్లు ఆపమనేదాకా ప్రతి డ్రాకూ టికెట్ పడుతూనే ఉంటుంది, డబ్బు ఖాతాలోంచి పోతూనే ఉంటుంది.

వారానికి 4 పౌండ్లంటే పెద్ద లెక్క అనిపించదు. ఏడాదికి 104 డ్రాలు, 208 పౌండ్లు. మంగళ, శుక్రవారాల యూరోమిలియన్స్‌కు కూడా 2.50 పౌండ్ల లైను ఒకటి జతచేస్తే మొత్తం 468 అవుతుంది. టికెట్ ధర పెరిగితే ఇదీ పెరుగుతుంది. 2013 అక్టోబరులో లోటో లైను 1 పౌండు నుంచి 2 పౌండ్లయింది. దుకాణంలో ఆడేవాళ్లకు కొత్త ధర కౌంటరు దగ్గరే తగులుతుంది. చందాదారుకు తెలిసేది నోటీసు వల్లే, అది చదివితేనే.

ఒక మంచి కూడా ఉంది. జాక్‌పాట్ పేరుకుపోయినప్పుడు ఆవేశంలో పది టికెట్లు కొనేసేవాళ్లకు, నెలకింతే అన్న చందా హద్దుగా పనికొస్తుంది. చందా ఉండగానే పైన మళ్లీ కొంటే మాత్రం ఆ హద్దు చెరిగిపోయినట్టే.

మానేద్దామనుకున్నా చాలామందిని పట్టి ఉంచేది భయం. ఏళ్ల తరబడి ఆడిన నంబర్లు, తాము మానిన వారమే తగిలితే? నెదర్లాండ్స్‌లోని పోస్ట్‌కోడ్ లాటరీపై జరిగిన పరిశోధనలో ఈ పశ్చాత్తాప భయం స్పష్టంగా కనిపించింది. అక్కడ పోస్ట్‌కోడే టికెట్ నంబరు కాబట్టి, కొనకపోయినా గెలిచిన పోస్ట్‌కోడ్ మనదేనని తెలిసిపోతుంది. కానీ పాత నంబర్లకు ప్రత్యేకమైన బలమేమీ ఉండదు. లోటోలో ఒక లైనుకు జాక్‌పాట్ తగిలే అవకాశం సుమారు 4.5 కోట్లలో ఒకటి. ప్రతి డ్రాకూ ఒక లైను ఆడుతూ పోతే సగటున 4 లక్షల 33 వేల ఏళ్లకు ఒకసారి తగులుతుంది.

ఆపేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. బ్యాంకు యాప్‌లలో జూదం ఖర్చును అడ్డుకునే మీట సాధారణంగా కార్డు చెల్లింపులనే చూస్తుంది. డైరెక్ట్ డెబిట్ వేరే దారిలో పోతుంది కాబట్టి మీట నొక్కినా చందా ఆగకపోవచ్చు. బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లలో ఎవరికైనా ఇలాంటి చందా ఉంటే, బ్యాంకు యాప్‌లో డైరెక్ట్ డెబిట్ల జాబితా ఒకసారి తెరిచి చూడండి. దాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు ఖాతాదారుకు ఉంది. లాటరీ ఖాతాలో కూడా చందా ఆపి, తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో ఆ పద్దు లేదని చూసుకోండి.